చుక్క పెట్టేది మీరు, కళ్లు సర్దుకోవాల్సింది నేనా?

ఇప్పుడే కస్టమర్ సపోర్ట్ వాళ్ల జవాబొచ్చింది. ఒళ్లు మండిపోతోంది. ఇక్కడ కక్కకపోతే నిద్రపట్టేలా లేదు. "మీ ఫోన్ సెట్టింగ్స్‌లో కలర్ కరెక్షన్ ఆన్ చేసుకోగలరు. సమస్య పరిష్కారమైనట్టు భావించి టికెట్ మూసేస్తున్నాం." భావించేశారట! అడిగింది నేను, భావించింది వాళ్లు, మూసేసింది కూడా వాళ్లే.

సంగతేంటంటే, ఆఫీసులో ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి మేమొక యాప్ వాడతాం. పాత వెర్షన్‌లో ప్రతి పని పక్కన "పూర్తయింది" అనో "ఆగింది" అనో మాట ఉండేది. కొత్త అప్‌డేట్‌లో ఆ మాటలు పీకేసి చిన్న చుక్క పెట్టారు. ఆకుపచ్చ చుక్కయితే పూర్తయినట్టు, ఎర్ర చుక్కయితే ఆగినట్టు. స్క్రీన్ నీట్‌గా ఉండాలట. చాలా నీట్‌గా ఉందండీ, నాకైతే అన్ని పనులూ ఒకే రంగులో ఉన్నాయి. ఆగిపోయిన పనిని అయిపోయిందనుకుని మీటింగ్‌లో చెప్పి నవ్వులపాలయింది కూడా ఈ చుక్కల పుణ్యమే.

నాకు డ్యూటెరానమలీ. కలర్ బ్లైండ్ వాళ్లలో ఎక్కువమందికి ఉండేది ఇదే. అంటే లోకం నలుపు తెలుపుల్లో కనిపిస్తుందని కాదు, మహాప్రభో. కంట్లో రంగులు పట్టే కోన్ కణాలు మూడు రకాలు. వాటిలో ఆకుపచ్చ వైపు ఎక్కువగా స్పందించాల్సిన రకం నాకు ఎరుపు వైపు జరిగి ఉంటుంది. దాంతో రెండు రకాలూ మెదడుకి దాదాపు ఒకే కబురు పంపుతాయి. నీలం, పసుపు శుభ్రంగా తెలుస్తాయి. గోడంత ఎరుపు, గోడంత ఆకుపచ్చ పక్కపక్కన పెడితే అదీ చెప్పేస్తాను. అదే రంగుల్ని బియ్యపు గింజంత చుక్కలో పెట్టి, పక్కన పోల్చుకోవడానికి ఇంకోటి లేకుండా చూపిస్తే మాత్రం చేతులెత్తేస్తాను. రంగు పరిచిన చోటు చిన్నదయ్యేకొద్దీ తేడా పట్టడం కష్టమవుతుంది. వీళ్లు ఏరికోరి ఆ చుక్కే పెట్టారు.

(ఇది చదివి "అయితే నా చొక్కా ఏ రంగో చెప్పు" అని కామెంట్ పెట్టబోయే మహానుభావులకు ముందే దండం. చిన్నప్పటి నుంచి ఈ పరీక్ష రాస్తూనే ఉన్నాను. కాలు విరిగినవాణ్ణి ఏదీ ఒక గెంతు గెంతు అనరు కదా, మా దగ్గరకొచ్చేసరికి ఎందుకో అందరికీ హుషారు.)

సరే, ఆ కలర్ కరెక్షన్ సంగతికొద్దాం. అది నాకు తెలీదనుకున్నారు పాపం. ఆండ్రాయిడ్‌లో 2014 నాటి 5.0 నుంచీ ఉంది. Accessibility లోకి వెళ్తే Color correction అని ఉంటుంది, లోపల ఎరుపు-ఆకుపచ్చకి రెండు రకాలు, నీలం-పసుపుకి ఒకటి. ఐఫోన్‌లో Color Filters అంటారు, ఎంత గాఢంగా ఉండాలో జరుపుకునే స్లైడర్ కూడా ఇస్తారు. విండోస్‌లో ఒకసారి షార్ట్‌కట్‌కి అనుమతిస్తే Win+Ctrl+C నొక్కగానే ఫిల్టర్ పడుతుంది, మళ్లీ నొక్కితే పోతుంది. అన్నీ చూసినవాణ్ణే.

ఆ ఫిల్టర్ నా కంటిని బాగుచెయ్యదు. నాకు అందకుండా పోతున్న ఎరుపు-ఆకుపచ్చ తేడాని లెక్కగట్టి, అందులో కొంత నీలం వైపుకి, కొంత వెలుగు-ముదురు వైపుకి నెడుతుంది. దాంతో ఎరుపు గులాబీ వైపు జరుగుతుంది, నేను పట్టగలుగుతాను. కానీ స్క్రీన్ చూపగలిగే రంగుల్లో కొత్త జాగా ఏమీ పుట్టదు కదా. ఒకచోట తేడా పెంచితే, అప్పటిదాకా నీలం తేడాతో నేను హాయిగా గుర్తుపట్టే రంగులు ఇంకోచోట దగ్గరపడతాయి. పైగా ఫిల్టర్ ఆ ఒక్క యాప్ మీదే పడదు, మొత్తం స్క్రీన్ మీద పడుతుంది. ఫొటోల్లో మనుషుల మొహాలు మారిపోతాయి, వీడియో చూడబుద్ధి కాదు. మీ చుక్క కోసం నేను రోజంతా గులాబీ మొహాలు చూడాలి!

ఇంకో తమాషా వినండి. టికెట్ మూసెయ్యకముందే, ఫిల్టర్ వేసినా చుక్కలు సరిగ్గా తెలియట్లేదని చెబితే "స్క్రీన్‌షాట్ పంపండి" అన్నారు. పంపాను. "మాకు రంగులు మామూలుగానే కనిపిస్తున్నాయి, మీరు ఫిల్టర్ ఆన్ చేసినట్టు లేదు" అని జవాబు. ఈ ఫిల్టర్ పడేది బొమ్మంతా తయారై తెరమీదకి వెళ్లే చిట్టచివరి మెట్టులో, కాబట్టి స్క్రీన్‌షాట్‌లో రానే రాదు. నాకు కనిపించేది చూపించాలంటే ఇంకో ఫోన్‌తో ఫొటో తియ్యాల్సిందే. అదే సెట్టింగ్ ఆన్ చేసుకోమని ఉచిత సలహా ఇచ్చినవాళ్లకి ఈ మాత్రం తెలీదు.

"మా రంగులు కాంట్రాస్ట్ టెస్ట్ పాసయ్యాయి" అని ఇంకో ముక్క తగిలించారు. కాంట్రాస్ట్ అంటే రెండు రంగుల వెలుగులో ఉండే తేడా. సరే, లెక్క చూద్దాం. ఎర్ర చుక్క రంగు #D32F2F, ఆకుపచ్చది #388E3C. తెల్లటి వెనకతలం మీద ఎరుపుకి కాంట్రాస్ట్ 4.98, ఆకుపచ్చకి 4.12. వెబ్‌సైట్లు వైకల్యం ఉన్నవాళ్లకీ అందేలా ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణం ఇలాంటి గుర్తులకి అడిగేది 3, కాబట్టి రెండూ పాసే. కానీ ఆ పరీక్ష చెప్పేది తెలుపు మీద చుక్క కనిపిస్తోందా లేదా అన్నంతవరకే. చుక్క ఉందని నేనూ ఒప్పుకుంటున్నాను బాబూ, ఏ చుక్కో తెలియట్లేదు! ఆ రెండు రంగుల్నీ ఒకదానితో ఒకటి పోలిస్తే వచ్చేది 1.21. ఒకటంటే అసలు తేడాయే లేదని అర్థం. వెలుగులో రెండూ కవలపిల్లలు. ఇంత లెక్క అక్కర్లేదు కూడా, ఫోన్‌లో గ్రేస్కేల్ ఆన్ చేసి మీ యాప్ మీరే చూసుకోండి. ఏది పూర్తయిందో, ఏది ఆగిందో చెప్పగలిగితే నా పోస్ట్ డిలీట్ చేస్తాను.

అదే డబ్ల్యూసీఏజీలో 1.4.1 అని ఇంకో నియమం ఉంది. ఏ సమాచారాన్నీ ఒక్క రంగుతోనే చెప్పకూడదంటుంది. 2008 నుంచీ ఉంది, అదీ అన్నిటికన్నా కింది మెట్టైన లెవెల్ ఏలో. పాసైన సబ్జెక్ట్ మార్కులు చూపించి, తప్పింది దాచిపెట్టే పిల్లకాయ తెలివితేటలు ఇవి.

మా టీమ్‌లో చూపు మందగించిన ఒకావిడ ఉన్నారు. కంప్యూటర్‌లో విండోస్ కాంట్రాస్ట్ థీమ్ వేసుకుని పనిచేస్తారు. నల్లటి వెనకతలం, తెల్లటి అక్షరాలు. ఆవిడకి ఈ యాప్ వెబ్ వెర్షన్‌లో అసలు చుక్కలే లేవు! నేను రంగు తెలియక ఏడుస్తుంటే ఆవిడ "ఏం చుక్కలండీ?" అన్నారు. కారణం చిన్నదే. ఆ చుక్క అంటే లోపల ఏమీ లేని ఖాళీ డబ్బా, దానికి `background-color` తో రంగు పూశారు. కాంట్రాస్ట్ థీమ్ వేస్తే బ్రౌజర్ ఇలాంటి పూతలన్నీ తీసేసి థీమ్ రంగు వేస్తుంది. నలుపు మీద నల్ల చుక్క, ఇక ఏం కనిపిస్తుంది? అంచు గీత ఒకటి పెడితే చుక్క తిరిగొస్తుంది. కానీ అప్పుడు కూడా రెండు చుక్కలూ ఒకేలా ఉంటాయి. చుట్టూ తిరిగి మళ్లీ "పూర్తయింది" అన్న మాట దగ్గరికే రావాలి. పీకేశారే, ఆ మాట.

అసలు నా కోపమంతా ఈ చుక్కల మీదేనా అంటే కాదు. మా అమ్మ విషయంలో ఎప్పటి నుంచో కడుపులో ఉన్నది కూడా ఈ దెబ్బకి పైకొచ్చింది. అమ్మకి వయసుతో కంటి రెటీనా నడిమి భాగమైన మాక్యులా దెబ్బతిని, చూపు నడిమధ్యలో మసక. ఫోన్‌లో మాగ్నిఫైయర్ వాడుతుంది. మూడుసార్లు టపటపా తట్టగానే స్క్రీన్ పెద్దదవుతుంది, రెండు వేళ్లతో జరుపుకుంటూ చదువుకుంటుంది. నేర్చుకోవడానికి ఎంత ఓపిక పట్టిందో నాకు తెలుసు. నాలుగు రెట్లు పెంచితే ఆవిడకి ఒక్కసారి కనిపించేది స్క్రీన్‌లో పదహారో వంతు. మిగతా పదిహేను వంతులూ వేలితో వెతుక్కోవాలి.

ఒకరోజు ఇంకేదో యాప్‌లో ఫారం నింపుతూ "ఒరేయ్, ఈ బటన్ పనిచెయ్యట్లేదురా" అంది. వెళ్లి చూశాను. బటన్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నొక్కిన ప్రతిసారీ "పుట్టినతేదీ సరిగ్గా లేదు" అని స్క్రీన్ పైభాగాన ఒక పట్టీ మెరిసి, అమ్మ వేలు కదిలించేలోపు మాయమైపోతోంది. ఆవిడ చూపేమో కింద బటన్ దగ్గరుంది. తప్పు జరిగిన గడి చుట్టూ ఎర్ర గీత కూడా ఉంది, అదీ ఎక్కడో పైన. ఆవిడ నొక్కుతూనే ఉంది, అది చెబుతూనే ఉంది, ఇద్దరూ ఒకరికొకరు కనిపించట్లేదు. ఆ మాటని గడి కిందే రాసి, సరిచేసేదాకా అక్కడే ఉంచి, నొక్కగానే స్క్రీన్‌ని ఆ గడి దగ్గరికి తీసుకెళ్తే ఎవరి సొమ్మేం పోయింది?

దీనికీ ఒక సెట్టింగ్ ఉందని ఎవరో ఒకరు కామెంట్ పెడతారు, తెలుసు. Time to take action అని ఆండ్రాయిడ్‌లో ఉంది, ఇలాంటి మెసేజ్‌లు రెండు నిమిషాల దాకా నిలబడేలా పెట్టుకోవచ్చు. అమ్మ ఫోన్‌లో పెట్టాను. ఆ పట్టీ యాప్ వాళ్లు సొంతంగా గీసుకున్నది, వాళ్లు ఆ సెట్టింగ్‌ని అడిగి తెలుసుకుంటే తప్ప పనిచెయ్యదు. అడగలేదు. వాళ్లకి రాస్తే ఏమన్నారో చెప్పనా? "చూపు సమస్య ఉన్నవాళ్లు మా యాప్ పెద్దగా వాడరండీ."

ఎలా వాడతారయ్యా?