లాస్ట్ టైమ్ బై అంటే పోయినేడాది వాడకాన్ని ఏళ్లతో గుణించడం కాదు

సప్లయర్ నుంచి ఒక పార్ట్ ఆపేస్తున్నామని లెటర్ వస్తుంది. ఆ చివరి ఆర్డర్‌నే లాస్ట్ టైమ్ బై అంటారు, దానికి సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తారు. ఐదు నెలలు ఆ లెటర్ ఎవరి మెయిల్‌లోనో పడి ఉంటుంది. చివరి వారంలో పర్చేజ్ వాళ్లు స్టోర్స్ రికార్డు తీసి ఒక గుణకారం చేసి ఆర్డర్ పెట్టేస్తారు. సర్వీస్‌లో ఉన్నవాడిగా నాకు కోపం వచ్చేది ఇక్కడే.

మా ప్యాకింగ్ మిషన్ల సర్వో డ్రైవ్‌లో మోటార్‌కు కరెంట్ స్విచ్ చేసే ఐజీబీటీ మాడ్యూల్ సంగతే చూడండి. ఫీల్డ్‌లో 140 మిషన్లున్నాయి. ఇంకా 8 ఏళ్లు రిపేర్ చేస్తామని కస్టమర్లకు మాటిచ్చాం. గత నాలుగేళ్లలో స్టోర్స్ నుంచి వెళ్లినవి 9, 11, 14, 18. సగటు 13, ఎనిమిదేళ్లకు 104. పర్చేజ్ లెక్క ఇదే.

కానీ ఆ అంకెలు ఏటా పెరుగుతున్నాయి కదా! మిషన్లు పాతబడేకొద్దీ మాడ్యూళ్లు ఎక్కువ కాలుతాయి. కొన్నేళ్లయ్యాక మిషన్లే స్క్రాప్‌కి పోతాయి కాబట్టి వాడకం తగ్గుతుంది. పైగా చివరి 18లో రెండు, అవే మిషన్లకు రెండోసారి వేసినవి. మాడ్యూల్‌కు ఆన్, ఆఫ్ సిగ్నల్ ఇచ్చే గేట్ డ్రైవర్ బోర్డు చెడితే కొత్త మాడ్యూల్ కూడా కాలిపోతుంది, బోర్డు చూడకుండా మాడ్యూల్ మార్చారన్నమాట. అంటే అసలు అవసరం 16. అక్కడి నుంచి ఏడాదివారీగా వేస్తే నాకు 18, 20, 21, 20, 17, 13, 9, 5 వచ్చాయి. మొత్తం 123.

అది కూడా అంచనాయే. మిషన్లు అనుకున్నంత త్వరగా స్క్రాప్ కాకపోతే చాలదు. అందుకే 150 అడిగాను. డబ్బు ఇరుక్కుపోతుందని ఫైనాన్స్ అభ్యంతరం. ఒక మాడ్యూల్ 2,500 రూపాయలు. 104 మీద అదనంగా 46 కొంటే 1,15,000. మాడ్యూల్ దొరక్క ఒక్క డ్రైవ్‌ని కొత్త మోడల్‌తో మార్చాల్సి వస్తే వైరింగ్, పారామీటర్ సెట్టింగ్, ఇంజనీర్ ప్రయాణంతో కలిపి 1,20,000. ఒక్క మిషన్ దగ్గరే ఆ ఆదా మొత్తం పోతుంది. మిగిలిపోతే నష్టం కొంచెం, చాలకపోతే నష్టం చాలా. రెండిటినీ ఒకే తక్కెడలో పెట్టి సగటు తీయడం తప్పు.

అలాగని ప్రతి పార్టూ ఇలా కొనమని చెప్పను. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎనిమిదేళ్లు ర్యాక్‌లో ఉంటే లీకేజీ పెరుగుతుంది, ఓల్టేజీ మెల్లగా పెంచుతూ రీఫార్మ్ చేయకుండా వాడలేం. వాటికి బదులు పార్ట్ వెతుక్కోవాలి. మాడ్యూల్‌ని మాత్రం యాంటీస్టాటిక్ కవర్‌లో, తేమ తగలకుండా ఉంచితే చాలాకాలం నిలుస్తుంది.

ఇంకో మాట. ఈ 150కి స్టోర్స్‌లో వేరే లొకేషన్ ఇవ్వండి. సర్వీస్ మేనేజర్ సంతకం లేకుండా ఇష్యూ చేయొద్దు. లేకపోతే అర్జెంట్ అని ప్రొడక్షన్ వాళ్లు మొదటి రెండేళ్లలోనే సగం లాగేస్తారు.