చెస్ట్ ఎక్స్‌రే అంటే మూడు రోజులు, అమెరికా ఫ్లైట్ అంటే పదిహేను రోజులు

"ఒక్క చెస్ట్ ఎక్స్‌రే తీయించుకుంటే ఏడాది మొత్తం తగిలే రేడియేషన్ ఒకేసారి తగిలినట్టే. అమెరికా ఫ్లైట్ ఒక్కసారి ఎక్కితే వంద ఎక్స్‌రేలతో సమానం. ప్రకృతిలో ఉండే రేడియేషన్ ఏమీ చేయదు, మిషన్‌ది మాత్రం ఒంట్లోనే ఉండిపోయి క్యాన్సర్ అవుతుంది. రెండూ ఒకే నెలలో వద్దు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు తప్పకుండా పంపండి."

ఈ మెసేజ్ మా పిన్నికి కూడా చేరింది. గ్రీన్ కార్డ్ వీసా మెడికల్‌లో ఆమెకు చెస్ట్ ఎక్స్‌రే తప్పనిసరి. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే డల్లాస్‌లో ఉన్న కూతురి దగ్గరికి ప్రయాణం. "మెడికల్ వాయిదా వేయించరా, నాకు భయంగా ఉంది" అని ఫోన్ చేసింది. నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. పిన్నికి ఆ రోజు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కొలత సంగతి. ఒంటికి తగిలే రేడియేషన్‌ను సీవర్ట్‌లలో లెక్కిస్తారు. అందులో వెయ్యో వంతు మిల్లీసీవర్ట్, పది లక్షలో వంతు మైక్రోసీవర్ట్. ఈ పేర్లు గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు. ఎక్స్‌రే గది మొహం చూడని మనిషికి కూడా నేల, గాలి, ఆకాశం, తిండి నుంచి సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు తగులుతాయి. ఇది ప్రపంచ సగటు. రోజుకు పంచితే దాదాపు 6.6 మైక్రోసీవర్ట్‌లు. ఈ "ఒక రోజు"నే కొలబద్దగా పెట్టుకుంటే లెక్కంతా తేలికైపోతుంది.

ఛాతీని ప్లేటుకు ఆనించి నిలబెట్టి, వీపు వైపు నుంచి తీసే మామూలు చెస్ట్ ఎక్స్‌రేకి దాదాపు 20 మైక్రోసీవర్ట్‌లు తగులుతాయి. అంటే మూడు రోజుల లెక్క. పక్క నుంచి ఇంకొకటి కూడా తీస్తే, ఆ వైపు శరీరం మందంగా ఉంటుంది కాబట్టి ఎక్కువ కిరణాలు కావాలి. రెండూ కలిపితే 100 మైక్రోసీవర్ట్‌ల దాకా, అంటే పదిహేను రోజులు. ఏడాది అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు కానీ, ఎక్స్‌రేనీ సీటీ స్కాన్‌నీ ఒకటే అనుకునేవాళ్లను రోజూ చూస్తుంటాను. ఛాతీ సీటీకి సుమారు 7 మిల్లీసీవర్ట్‌లు. అది దాదాపు మూడేళ్ల లెక్క, మామూలు చెస్ట్ ఎక్స్‌రేలు మూడు వందల యాభై. ఎక్స్‌రే ఒక్క కోణం నుంచి క్షణంలో తీసే నీడ. సీటీలో ట్యూబు చుట్టూ తిరుగుతూ వందల కోణాల నుంచి కిరణాలు పంపుతుంది. అందుకే అంత తేడా.

విమానం విషయంలో కొంత నిజం ఉంది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలను మన తల మీదున్న గాలి చాలావరకు ఆపేస్తుంది. పదకొండు కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లామంటే ఆ గాలిలో మూడొంతులకు పైగా మన కిందే ఉండిపోతుంది. అందుకే అక్కడ కిరణాలు ఎక్కువ. ఇవి ప్రధానంగా సూర్యుడి నుంచి వచ్చేవి కావు కాబట్టి రాత్రి ఫ్లైట్ ఎక్కినా పెద్ద తేడా ఉండదు. దారిని బట్టి మాత్రం తేడా ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం ఈ కిరణాలను ఎక్కువగా పక్కకు మళ్లిస్తుంది, ధ్రువాల వైపు ఆ కాపలా తక్కువ.

పిన్ని ప్రయాణాన్నే లెక్క కడదాం. హైదరాబాద్ నుంచి దుబాయ్ నాలుగు గంటలు. దక్షిణపు దారి కాబట్టి గంటకు రెండు మూడు మైక్రోసీవర్ట్‌లు వేసుకున్నా మొత్తం పది. దుబాయ్ నుంచి డల్లాస్ సుమారు పదహారు గంటలు, ఉత్తరాన బాగా పైకి వెళ్లే దారి. గంటకు ఐదారు వేసుకుంటే దాదాపు తొంభై. రెండూ కలిపి 100 మైక్రోసీవర్ట్‌లు, అంటే పదిహేను రోజులు. ఎక్స్‌రేల్లో చెప్పాలంటే ఐదు. రానూపోనూ పది. సూర్యుడి చురుకుదనం, విమానం ఎత్తును బట్టి ఇది కొంత అటూఇటూ అవుతుంది కానీ మెసేజ్‌లో చెప్పిన వంద ఎక్స్‌రేలకు మామూలుగా చేరదు.

విమానంలో రేడియేషన్‌ను కొలిచే గైగర్ కౌంటర్ పెట్టి తీసిన వీడియోలు ఈ భయాన్ని పెంచుతున్నాయి. నేల మీద గంటకు 0.1 మైక్రోసీవర్ట్ చూపించిన మీటరు పైన 2 దాటుతుంది, "ఇరవై రెట్లు!" అని రాస్తారు. ఆ అంకె అబద్ధం కాదు. నిజానికి అలాంటి చిన్న మీటర్లు ఆ ఎత్తులో ఉండే న్యూట్రాన్లనే కణాలను సరిగా పట్టుకోలేవు, అసలు మోతాదు ఇంకా ఎక్కువే ఉంటుంది. పొరపాటంతా గంట లెక్కను మొత్తం లెక్కగా చదవడంలో ఉంది. పైన ఉండేది ఇరవై గంటలు, కింద ఉండేది ఏడాదికి ఎనిమిది వేల గంటలకు పైగా.

ప్రకృతిది ఏమీ చేయదన్న మాటే వీటన్నిటిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది. మన 2.4లో దాదాపు సగం రాడాన్ అనే వాయువు వల్ల వచ్చేదే. అది నేలలోని యురేనియం నుంచి పుట్టి, గాలి ఆడని గదుల్లో చేరుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగాకు తర్వాత ముఖ్యమైన కారణాల్లో అదొకటి. కణాన్ని తాకే కిరణానికి తాను రాయి నుంచి వచ్చిందో మిషన్ నుంచి వచ్చిందో తేడా లేదు. ఎంత మోతాదు అన్నదే లెక్క. కేరళలో కరునాగపల్లి తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది, దానిలోని థోరియం అనే రేడియోధార్మిక లోహం వల్ల అక్కడ కొన్నిచోట్ల రేడియేషన్ మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మన భీమిలి తీరపు ఇసుకలోనూ మోనజైట్ ఉంది. కరునాగపల్లిలో దాదాపు డెబ్బై వేల మందిని పదేళ్లకు పైగా గమనిస్తే, ఆ నేల రేడియేషన్ వల్ల క్యాన్సర్లు పెరిగినట్టు కనబడలేదు. దాన్నిబట్టి రేడియేషన్ మంచిదని కాదు. ఇంత చిన్న మోతాదుల్లో ప్రమాదం ఉన్నా, అన్ని వేల మందిలో కూడా విడిగా కనబడనంత తక్కువని మాత్రం చెప్పొచ్చు.

ఎక్స్‌రే ఒంట్లో ఉండిపోదు. స్విచ్ ఆపితే బల్బు వెలుతురు గదిలో మిగలనట్టే, ట్యూబు ఆగిన క్షణానే కిరణాలూ ఆగిపోతాయి. కొంత కణజాలానికి దెబ్బ తగలొచ్చు, దాన్ని శరీరం చాలావరకు బాగుచేసుకుంటుంది. బాగుపడని కొద్దిపాటి భాగం గురించి జాగ్రత్తపడే నిపుణులు, ఎంత చిన్న మోతాదుకైనా దానికి తగ్గ ప్రమాదం ఉందనుకునే లెక్క కడతారు. ఆ లెక్కన ఒక చెస్ట్ ఎక్స్‌రే వల్ల ప్రాణాంతక క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు పది లక్షల్లో ఒకటి. నిజంగా ఒంట్లో ఉండేది తిండితో వచ్చే పొటాషియం. అందులో సహజంగా ఉండే రేడియోధార్మిక భాగం వల్ల పెద్దవాళ్ల ఒంట్లో సెకనుకు నాలుగు వేలకు పైగా పరమాణువులు విచ్ఛిన్నమవుతూనే ఉంటాయి. అలా ఏడాదికి తగిలేది దాదాపు ఎనిమిది చెస్ట్ ఎక్స్‌రేలంత.

టెన్షన్ పడాల్సిన చోటు లేదని నేను అనను. చిన్నపిల్లలకు, నెలల వ్యవధిలో మళ్లీ మళ్లీ సీటీ చేయించుకునేవాళ్లకు లెక్క వేరు. ఏడాదికి వందల గంటలు ఎగిరే పైలట్లకు, ఎయిర్‌హోస్టెస్‌లకు 2 నుంచి 5 మిల్లీసీవర్ట్‌లు అదనంగా తగులుతాయి. గర్భం ఉందనిపిస్తే టెక్నీషియన్‌కు ముందే చెప్పాలి. పాత సీటీ ఉంటే దాని సీడీ, రిపోర్టు తీసుకెళ్లి, "ఇది సరిపోతుందా, మళ్లీ తీయాలా?" అని డాక్టర్‌ను అడగాలి. కానీ రెండు వారాలుగా దగ్గుతున్న మనిషి ఈ మెసేజ్ చదివి ఎక్స్‌రే మానేస్తే, టీబీ బయటపడడం ఆలస్యమవుతుంది. ఆ లోగా ఇంట్లో వాళ్లకూ అంటుతుంది.

పిన్నికి ఎక్స్‌రే మూడు రోజులు, ప్రయాణం పదిహేను, మొత్తం పద్దెనిమిది రోజులు. "అంతేనా?" అంది. మెడికల్‌కు అనుకున్న రోజే వెళ్లింది.