అతి తక్కువ ధర... దేనితో పోలిస్తే?

దసరా నుంచి దీపావళి దాకా మా మొదటి పేజీ మాకే దొరకదు. జాకెట్ యాడ్లు తిప్పితే గానీ పాఠకుడికి వార్త కనిపించదు. ఆ యాడ్ల ఆదాయం మాకు అవసరమే, అందులో దాపరికం లేదు. అందుకే వాటిలో రాసే ‘అతి తక్కువ ధర’, ‘అత్యుత్తమ నాణ్యత’ అన్న మాటలను అచ్చుకు ముందే ఎవరో ఒకరు పరీక్షించాలని అడగాల్సిన బాధ్యత కూడా మాపై ఉంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ‘నగరంలోకెల్లా అతి తక్కువ ధర, 43 అంగుళాల టీవీ 24,990 రూపాయలే’ అని ఓ షోరూం ప్రకటించింది. పక్కనే ఓ చుక్క గుర్తు. పేజీ అడుగున, కళ్లద్దాలు పెట్టుకున్నా చదవలేనంత చిన్న అక్షరాల్లో అసలు లెక్క ఉంటుంది. పాత టీవీ ఇస్తే 3,000, ఫలానా బ్యాంకు కార్డుతో కొంటే మరో 2,000 తగ్గింపు. ఆ కార్డు లేని, పాత టీవీ లేని మనిషికి ధర 29,990 రూపాయలు. అదే మోడల్ ఎదురు షాపులో ఏ షరతూ లేకుండా 28,500కు దొరుకుతుంటే పెద్ద అక్షరాల్లో వేసిన మాట అబద్ధమే. చిన్న అక్షరాలు దాన్ని నిజం చేయలేవు.

2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో సూటిగానే ఉన్నాయి. చుక్క గుర్తు వెనక ఉండే వివరణ ప్రధాన వాక్యం చెప్పినదాన్ని కాదనకూడదు, ముఖ్యమైన సమాచారాన్ని దాచకూడదు. ప్రధాన వాక్యం ఏ భాషలో ఉంటే వివరణ కూడా ఆ భాషలోనే ఉండాలి. తెలుగు ప్రకటన కింద షరతులన్నీ ఇంగ్లిష్‌లో ఇవ్వడం మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే, అది నిబంధనకు విరుద్ధమన్న సంగతే చాలామందికి తోచదు.

అసలు ‘అతి తక్కువ’ అన్న మాటను నిరూపించడం కష్టం. అదే మోడల్‌ను, అదే ఊళ్లో, అదే రోజున, డెలివరీ, ఫిట్టింగ్ ఖర్చులతో కలిపి పోటీ షాపుల ధరలతో సరిచూసుకోవాలి. తేదీ వేసి ఆ వివరాలు భద్రపరచాలి. అంతా చేసినా అది ఆ రోజుకే చెల్లుతుంది. మర్నాడు ఎదురు షాపు వెయ్యి తగ్గిస్తే అదే ప్రకటన తప్పుదోవ పట్టించేది అవుతుంది. సీజన్ పొడవునా ఒకే డిజైన్‌ను తిప్పి తిప్పి వేసే వ్యాపారులు చిక్కుకునేది ఇక్కడే. ‘బయట తక్కువకు దొరికితే తేడా ఇచ్చేస్తాం’ అన్న హామీ మంచిదే గానీ, తమదే తక్కువ ధర అనడానికి అది రుజువు కాదు. ‘ఈ ఏడాది మా షాపులో ఇదే తక్కువ ధర’ అని రాసుకుంటే సొంత బిల్లులే సాక్ష్యం. పోయేదేమీ లేదు, కాస్త ఆర్భాటం తప్ప.

‘50 శాతం తగ్గింపు’కూ బిల్లులే గీటురాయి. ఎమ్మార్పీ 12,000 ఉన్న పట్టుచీరను ఆరు వేలకు ఇస్తున్నామంటారు. కిందటి నెల అంతా దాన్ని ఏడు వేలకే అమ్మి ఉంటే కొనేవారికి నిజంగా తగ్గింది సుమారు 14 శాతం.

నాణ్యత సంగతి కాస్త వేరు. ‘మేలైన వస్త్రాలు’ అంటే ఎవరూ కొలబద్ద పట్టుకుని వెళ్లరు. అది వ్యాపారి తన సరుకును పొగుడుకోవడమని అందరికీ తెలుసు. ‘నంబర్ వన్’, ‘డాక్టర్ల సిఫార్సు’ అన్నప్పుడు మాత్రం ఆధారం చూపాల్సిందే. ‘ప్రపంచ నంబర్ వన్ సెన్సిటివిటీ టూత్‌పేస్ట్’ అని, ప్రపంచమంతటా దంతవైద్యులు సిఫార్సు చేస్తారని సెన్సోడైన్ చెప్పుకుంది. చూపించిన సర్వేలు మాత్రం భారత్‌లోని దంతవైద్యులతో చేసినవి. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ ప్రకటనలను ఆపించి 10 లక్షల రూపాయల జరిమానా వేసింది. మొదటి తప్పుకు చట్టంలో ఉన్న గరిష్ఠ మొత్తం అదే. మళ్లీ చేస్తే 50 లక్షల దాకా వెళ్లొచ్చు.

ఇక పత్రికల సంగతి. మామూలు వ్యాపారంలో భాగంగా ప్రకటన వేశామని నిరూపించుకుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం మాకు రక్షణ ఇస్తుంది, దాన్ని ఆపమన్న ఉత్తర్వు ముందే తెలిసి ఉంటే తప్ప. ఆ రక్షణ చాటున కూర్చోవడం మాకు సమ్మతం కాదు. బుకింగ్ ఫారంతో పాటు ఒక్క కాగితం అడగాలి: ఏ మోడల్, ఏ ఏ షాపులతో పోల్చారు, ఏ తేదీన, కార్డూ ఎక్స్ఛేంజీ లేకుండా ధరెంత? అది ఇవ్వలేనివారు ‘అతి’ అన్న మాట తీసేసి మిగతాది వేసుకోవచ్చు. పండగ ముందు రోజు రాత్రి పదింటికి డిజైన్ పంపి వెంటనే వేయమనే ఏజెన్సీలకు ఇది నచ్చదు. ఈ నియమం అన్ని పత్రికలూ కలిసి పెట్టుకోవాలి. లేకపోతే మేం తిప్పి పంపిన యాడ్ మర్నాడు పక్క పత్రికలో యథాతథంగా కనిపిస్తుంది.