నలుపు మీద మనసు పడకు తమ్ముడూ

"మాది అనంతపురం. కారు రోజంతా ఎండలోనే ఉంటుంది. నలుపంటే ఇష్టం, తీసుకోవచ్చా అన్నా?"

వద్దు తమ్ముడూ. అమెరికాలో బర్కిలీ ల్యాబ్ అనే పరిశోధనశాల వాళ్లు నల్ల కారును, సిల్వర్ కారును పక్కపక్కనే ఎండలో పెట్టి కొలిచారు. నల్లదాని టాప్ 25 డిగ్రీల దాకా ఎక్కువ కాలింది. లోపల గాలిలో మాత్రం తేడా 5-6 డిగ్రీలే, ఎందుకంటే అద్దాల్లోంచి దిగే ఎండ ఏ రంగుకైనా ఒకటే.

నలుపుతో అసలు బాధ తుడవడం దగ్గరే. మన దుమ్ములో సన్న ఇసుక ఉంటుంది. పొద్దున్నే పొడిగుడ్డతో రుద్దితే బానెట్ మీద సాలెగూడు లాంటి గీతలు పడతాయి, ఎండ తగిలితే అవే కొట్టొచ్చినట్టు కనబడతాయి. ముందు నీళ్లు పోసి మట్టి జారనివ్వాలి, రోజూ ఎవరికి కుదురుతుంది?

దుమ్మును బాగా దాచేది సిల్వరే. కానీ అది మెటాలిక్, అంటే రంగులో సన్న లోహపు రేణువులు మెరుస్తుంటాయి. ఒక్క డోర్‌కు రంగు కొట్టిస్తే పక్క డోర్‌తో అంత సులువుగా కలవదు, వాలుగా చూస్తే తెలిసిపోతుంది. కొనడానికొచ్చినవాడు గుద్దిన బండి అని రేటు తగ్గిస్తాడు. అందుకే నా ఓటు మామూలు తెలుపుకే, మెరుపుండే పెర్ల్ వైట్‌కు కాదు, దానికీ ఇదే తంటా. వానాకాలం డోర్ల కింద ఎర్రమట్టి మరకలు పడతాయి, పైపు పడితే పోతాయి. అమ్మేటప్పుడు తెలుపును అడిగేవాళ్లే ఎక్కువ.