ఊగితేనే గాలి

‘ఫ్యాన్ అన్నాక ఊగుతుంది స్వామీ, నాలుగు రోజులు తిరిగితే అదే సెట్టయిపోతుంది.’ తిరుపతిలో కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లలో ఈ మాట విననివాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వెళ్లి కాళ్లకు దండం పెట్టుకుంటాను. మే నెల మిట్టమధ్యాహ్నం. బనియన్ తడిసి ముద్దయి మనం కింద నిలబడి ఉంటే, నిచ్చెన మీదున్న మహానుభావుడు నోట్లోని కటింగ్ ప్లయర్ తీసి మరీ ఈ సత్యం చెప్పి, మళ్లీ నోట్లో పెట్టుకుంటాడు.

మా హాల్లో ఫ్యాన్ ఊగిన రోజు కింద ఒక సభ జరిగింది. పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు మెడ పైకెత్తి ‘హుక్కే వంకర’ అని తేల్చేశారు. పైపోర్షన్ ఆయన ఆగ్నేయం వైపు ఒకసారి చూసి పెదవి విరిచాడు. మా మామగారు మాత్రం సోఫాలోంచి లేవకుండానే ‘ఊగితేనే గాలి అల్లుడూ, మా ఊళ్లో ఫ్యాన్ ఇంతకంటే ఊగేది’ అన్నారు. అందరూ మాట్లాడేశాక మన ఫిట్టర్ రూపాయి బిళ్ల అడిగి తీసుకుని, చేతికందిన రెక్కకి టేపుతో అతికించాడు. ఊపు పెరిగింది. ఇంకో రెక్కకి రెండు రూపాయల బిళ్ల. ఇంకా పెరిగింది. ముడుపు కట్టడం మన ఊరి అలవాటే కానీ, ఫ్యాన్‌కి కట్టడం అప్పుడే చూశాను. మూడో రెక్కకి అయిదు రూపాయలు అడిగేసరికి, హుండీ ఇక చాలని స్విచ్ కట్టేశాను.

పాపం, హుక్కు ఏ తప్పూ చేయలేదు. స్లాబ్ వేసిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఫ్యాన్ బాక్సులోని 12 ఎంఎం రాడ్డు రెండు చేతులనూ స్లాబ్ కమ్మీలకు బైండింగ్ వైరుతో కట్టించి, కాంక్రీటు లోపలికి పోకుండా బాక్సులో పేపర్లు కుక్కించాకే పోయనిచ్చాను. అయినా హుక్కుకి వేలాడే ఫ్యాన్ బావిలో బొక్కెన లాంటిది, కొక్కెం కొంచెం అటూ ఇటూ ఉన్నా తనంతట తానే నిట్టనిలువుగా వేలాడుతుంది. హుక్కుని మూసే గిన్నెలాంటి పై కప్పు సీలింగుకి ఒరుసుకోకుండా ఉంటే చాలు.

సభ ముగిశాక నేను కొలత టేపు తీసుకుని స్టూలెక్కాను. సీలింగు మీద పెన్సిలుతో ఒక చుక్క పెట్టి, ఒక్కో రెక్క కొసనూ చేత్తో తిప్పి సరిగ్గా ఆ చుక్క కిందికే తెచ్చి కొలిచాను. మూడింటినీ ఒకేచోట కొలవాలి, లేకపోతే ప్లాస్టరింగులో ఉన్న హెచ్చుతగ్గులు కూడా లెక్కలో కలిసిపోతాయి. మొదటి రెక్క 31.2 సెంటీమీటర్లు. రెండోది 31.3. మూడోది 32.1! దాదాపు ఒక సెంటీమీటరు కిందికి వాలింది. ఎందుకంటే ఫిట్టర్ వెంట వచ్చిన కుర్రాడు రెక్కలు బిగించాక ఫ్యాన్‌ని ఆ రెక్క పట్టుకునే ఎత్తాడు, మోటారుకి బిగించే పట్టీ అక్కడే వంగింది. స్క్రూలు గట్టిగానే ఉన్నాయి. పట్టీ దగ్గర పట్టుకుని మెల్లగా పైకి వంచి, కొలిచి, మళ్లీ వంచితే 31.3కి వచ్చింది. బిళ్లలు పీకేసి రెగ్యులేటరు అయిదు మీద పెడితే, కప్పు దగ్గర కనీకనబడని కదలిక తప్ప ఏమీ లేదు. మొత్తం పది నిమిషాల పని. బిళ్ల వాడకూడదని కాదు, కొలతలన్నీ కలిసినా ఇంకా ఊగితే అప్పుడు తేలిక రెక్క ఏదో వెతికి దానికి పెట్టాలి.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఆ సాయంత్రం మా ఆవిడ వంటింటి సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి ‘మిగిలిన సామానంట’ అని చేతిలో పెట్టింది. లోపల రెండు స్ప్లిట్ పిన్నులు! కంపెనీవాళ్లు ఎక్కువే ఇచ్చారని ఫిట్టర్ చెప్పి వెళ్లాడట. ఎక్కువ ఇచ్చారా? హుక్కు మీది రబ్బరు బుష్‌లోంచి పోయే బోల్టుకి ఒకటి, కింద రాడ్డు మోటారుతో కలిసేచోట బోల్టుకి ఒకటి. నట్టు వదులైనా బోల్టు జారకుండా ఆపేది ఆ పిన్ను ఒక్కటే. నిమిషానికి 350 చుట్లు తిరిగే ఫ్యాన్ మన ఎండాకాలంలో రోజుకి 20 గంటలు తిరిగితే నాలుగు లక్షల చుట్లు దాటుతుంది, ఊగే ఫ్యాన్ అయితే చుట్టుకో గుంజు. నట్టు వదులు కాక ఏం చేస్తుంది? దాని కిందే చాప వేసుకుని మా పాప మధ్యాహ్నమంతా నిద్రపోయింది. రూపాయి బిళ్ల వెతకడానికి తీరికుంది, రెండు పిన్నులు దూర్చి కొసలు విడదీయడానికి లేదు. సిగ్గుండాలి, పనికి వచ్చినవాడికీ, పైకి చూడకుండా డబ్బిచ్చి పంపిన నాకూ.

మెయిన్ కట్టేసి, కప్పులు దించి, పిన్నులు రెండూ నేనే వేసి కొసలు వెనక్కి వంచాను. స్విచ్ వేస్తే ఫ్యాన్ రాయిలా నిలబడి తిరుగుతోంది. మామగారు చాలాసేపు పైకి చూసి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు.

‘గాలి తగ్గినట్టుందే అల్లుడూ.’