“పాపా, పెద్దవాళ్లెవరూ రాలేదా?”

బెంగళూరు మారతహళ్లిలో ఒక బ్యాంకు. కౌంటర్ అవతల కూర్చున్నాయన మన తెలుగాయనే. ఇవతల మా పిన్ని కూతురు. వయసు 34, ఓ కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది, ఎత్తు 124 సెంటీమీటర్లు. ఆ గ్రానైట్ కౌంటర్ ఎత్తు 110. ఆయనకి కనిపించింది నుదురూ పాపిటా మాత్రమే. “ఏం పాపా, పెద్దవాళ్లెవరూ రాలేదా?” అన్నాడు. వెనక నిలబడ్డ నన్ను చూసి “చెప్పండి సార్” అన్నాడు. ఖాతా ఆమెది, సంతకం ఆమెది. ‘మీరు’ మాత్రం నాకు.

ఇది మాట మర్యాద సమస్య అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. తెలుగులో ఎదుటి మనిషిని చూసీ చూడగానే నువ్వా, మీరా అని తేల్చుకోవాలి. సగం ముఖమే కనబడనిస్తే ఆ తీర్పును కౌంటరే చేసేస్తుంది. ముందు బల్లను సరిచేయాలి.

చట్టం సంగతి తెలిసిందే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 147 సెంటీమీటర్లు, అంతకన్నా తక్కువ ఎత్తును మరుగుజ్జుతనంగా గుర్తించింది. అందరికీ అందుబాటు అన్నది సలహాగా మిగలకూడదు, తప్పనిసరి నిబంధన కావాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్రం మార్గదర్శకాల్లో కౌంటర్‌లో ఒక భాగం 75 నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని ఉంది. ఆ బ్యాంకులోనూ అలాంటి భాగం ఉంది. దాని మీద నోట్లు లెక్కపెట్టే మిషన్ పెట్టారు.

పైగా ఆ కొలత చక్రాల కుర్చీని దృష్టిలో పెట్టుకుని రాసింది. మా చెల్లెలిది ఎకాండ్రోప్లేసియా అనే రకం మరుగుజ్జుతనం. మొండెం దాదాపు మామూలు పొడవే, కాళ్లూ చేతులూ పొట్టి, అందులోనూ భుజం నుంచి మోచేతి దాకా మరీ పొట్టి. 80 సెంటీమీటర్ల బల్ల మీద ఆమె హాయిగా సంతకం పెట్టగలదు. కానీ బల్ల వెడల్పు 60 ఉంటే అవతలి అంచున ఉన్న కాగితం అందదు. ఎత్తు తగ్గించి వెడల్పు వదిలేస్తే సగం పనే అయినట్టు. కార్డు మిషన్‌కి పొడుగు వైరూ, కాగితాన్ని ఇవతలి అంచుదాకా తెచ్చిచ్చే మనిషీ ఉంటే ఆ మిగతా సగమూ తీరుతుంది.

కుర్చీ ఇంకో కథ. టోకెన్ తీసుకుని 45 సెంటీమీటర్ల ఎత్తు కుర్చీలో గంట కూర్చుంటే ఆమె కాళ్లు గాల్లో వేలాడతాయి. ఈ స్థితి ఉన్నవాళ్లకి వెన్నుపాము వెళ్లే దారే ఇరుకు. పాదాలకి ఆనిక లేకపోతే నడుం నొప్పి మొదలై కాళ్లు తిమ్మిరెక్కుతాయి. కావలసిందల్లా పాదాల కింద కదలని ఓ చిన్న పీట. ఇక మెట్లున్న సిటీ బస్సులో ఒక్కో మెట్టూ ఆమె మోకాలి దాకా వస్తుంది. ఎవరో “ఎత్తుకోనా?” అంటూ చంకలో చెయ్యి వేస్తారు. అడక్కుండా ఎదిగిన మనిషి ఒంటి మీద చెయ్యి వేయడం సాయం కాదు.

“ఇలాంటివాళ్లు ఎందరుంటారు, ఫోన్లో అన్నీ అవుతున్నాయిగా” అనేవాళ్లున్నారు. కేవైసీకి చాలాసార్లు మనిషినే రమ్మంటారు. ఏటీఎం మీటలు అందకపోతే పిన్ నంబరు ఎవరికో చెప్పాలి. ఎందరంటారా? మా పిన్నీ బాబాయీ మామూలు ఎత్తువాళ్లే. ఎకాండ్రోప్లేసియాతో పుట్టేవాళ్లలో నూటికి 80 మంది తల్లిదండ్రులూ అంతే. ఏ ఇంట్లో పుడతారో ముందుగా తెలిసేది కాదు.

నన్ను అసలు తొలిచేది వేరే. మన ఆఫీసుల్లో కౌంటర్‌ని బల్లలా కాదు, గోడలా కడతాం. లోపల గుమాస్తా కుర్చీ కింద ఒక మెట్టు గచ్చు లేపుతాం, బయట అర్జీదారు మెడ ఎత్తి మాట్లాడాలి. తాలూకాఫీసు నుంచి కరెంటాఫీసు దాకా ఇదే వాస్తు. ఎత్తులో కూర్చున్నవాడు అధికారి, కింద నిలబడ్డవాడు అడుక్కునేవాడు. వంగిన నడుంతో వచ్చే ముసలమ్మకూ అక్కడ దక్కేది ‘నువ్వే’. కచేరీ రోజుల నాటి ఈ అరుగు కూల్చకుండా సిబ్బందికి మర్యాద తరగతులు ఎన్ని పెట్టినా, అవి పైనుంచి కిందికి చెప్పే మర్యాదలే అవుతాయి.

మాటల సంగతీ చెప్పాలి. ‘పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు’ అని నవ్వుతూ అనేవాళ్లు అది ఆమె చెవిన ఎన్నోసారి పడుతోందో ఆలోచించరు. ‘మరుగుజ్జుతనం’ వైద్యుడి సర్టిఫికెట్లో స్థితి పేరుగా ఉండొచ్చు, మనిషిని పిలిచే పేరుగా కాదు. “నాకు పేరుంది, ఫారం మీద రాసే ఉంది” అంటుంది మా చెల్లెలు.

ఆమె మేనేజరుకి ఉత్తరం రాసింది. నోట్ల మిషన్ పక్కకి జరిగింది, పది నిమిషాల పని. తర్వాతి నెల వెళ్లినప్పుడు ఆ తక్కువ ఎత్తు బల్ల దగ్గర అదే తెలుగాయన ఎదురుగా కూర్చున్నాడు. ఆమె ముఖం చూశాడు. “చెప్పండి మేడమ్” అన్నాడు.