పార్సీలు శవాన్ని ఎందుకు కాల్చరంటే

పార్సీల మాట వచ్చిందంటే చాలు, "అగ్నిని పూజిస్తారుగా, మరి శవాల్ని రాబందులకు వేయడమేంటి, కాల్చేయొచ్చుగా" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. వినీ వినీ విసుగొచ్చింది. కాల్చకపోవడానికి కారణమే ఆ భక్తి.

మన దగ్గర అగ్ని సర్వభక్షకుడు. ఏది వేసినా తినేస్తాడు, తనకు మైల అంటదు. పార్సీల జరతుష్ట్ర మతంలో లెక్క వేరు. నీరు, నేల, నిప్పు, పశువు, మనిషి అన్నీ వాళ్ళ దేవుడు అహుర మజ్దా సృష్టి, అన్నీ మంచివే. వాటిని చెడగొట్టడానికి బయటినుంచి వచ్చిపడ్డవాడు అహ్రిమన్. చావు వాడి పనే. ప్రాణం పోగానే నసు అనే దయ్యం ఈగ రూపంలో వచ్చి శవం మీద వాలుతుందని వాళ్ళ మతగ్రంథం వెందిదాద్ చెబుతుంది. అలాంటి శవాన్ని మంటలో వేయడమంటే శత్రువును చేజేతులా ఇంట్లోకి తోలడమే. పూజారులు నోటికి తెల్లటి గుడ్డ కట్టుకునేదీ అందుకే, ఊపిరో ఉమ్మో నిప్పు మీద పడకూడదని.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆతష్ బెహ్రామ్ ప్రతిష్ఠ. అగ్నుల్లో అన్నిటికంటే పై స్థాయిది ఇది. మన దేశంలో 8 ఉన్నాయి, గుజరాత్‌లోని ఉద్వాడాలో ఉన్నది అన్నిటికంటే పాతది. దీనికోసం 16 రకాల నిప్పులు తెస్తారు. కుమ్మరి ఆవం, కమ్మరి కొలిమి, కంసాలి కుంపటి, పిడుగు పడి అంటుకున్న మంట... వాటిలో శవం కాలుతున్న చితి నిప్పు కూడా ఒకటి!

దాన్ని నేరుగా తీసుకోరు. చిల్లులున్న గరిటెలో గంధపు చెక్క పొడి వేసి, మంటకు తగలకుండా కాస్త ఎత్తులో పట్టుకుంటారు. సెగకే గంధం అంటుకోవాలి. అలా పుట్టిన మంట మీద మళ్ళీ ఇంకో గరిటె. చితి నిప్పుకైతే ఇలా 91 సార్లు. అంటే నిప్పు చెడ్డది కాలేదు, చెడు చేతిలో చిక్కుకుంది. మెల్లగా విడిపించాలి. దేహం పాపం, లోకం మాయ అనే ధోరణి ఇక్కడ లేదు. ఉపవాసాలతో ఒళ్ళు శోషింపజేయడం వీళ్ళకు పుణ్యం కాదు.

అలాగని అంతా గొప్పేం కాదు. ఈ మైల లెక్కే బహిష్టయిన ఆడవాళ్ళను నిప్పుకు దూరంగా మూల కూర్చోబెట్టింది. దాన్ని నేను సమర్థించను.

ఇప్పుడు అసలు చిక్కు రాబందులతో వచ్చింది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు దెబ్బకు 1990ల నుంచి అవి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పార్సీలు శవాల్ని రాబందులకు వదిలే ముంబయి డూంగర్‌వాడీలో ఎండ వేడిని శవం మీదకు మళ్ళించే సోలార్ పరికరాలు పెట్టారు. వానాకాలం మబ్బు పడితే అవి సరిగా పనిచేయవు. కొన్ని కుటుంబాలు దహనానికి ఒప్పుకుంటున్నాయి, 2015లో వర్లీలో అలాంటివాళ్ళ కోసం ప్రార్థనా మందిరమూ వచ్చింది. ఛాందస పూజారులు మాత్రం ససేమిరా అంటున్నారు. వాళ్ళది మొండితనమే అనుకోండి, కానీ 91 గరిటెలు పట్టినవాళ్ళకు "కాల్చేయొచ్చుగా" అనేది చిన్న మాట కాదు.